జూన్ 2 సెలవా, పనిదినమా? ఐటీ సపోర్ట్ ఒప్పందం నుంచి ఎస్‌ఎల్‌ఏ పట్టిక తయారీ

అమీర్‌పేటలో ప్రధాన ల్యాబ్, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్‌లలో శాంపిల్ కలెక్షన్ కేంద్రాలు ఉన్న ఒక డయాగ్నస్టిక్ సంస్థ ఉందనుకుందాం. దాని ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను సర్వర్‌లో నడిపి, సపోర్ట్ ఇచ్చే బాధ్యత ఒక వెండర్‌ది. ఆ వెండర్ రిజిస్టర్డ్ కార్యాలయం బెంగళూరులో ఉంది, సపోర్ట్ బృందం మాదాపూర్‌లో కూర్చుంటుంది. 2026 జూన్ 1, సోమవారం సాయంత్రం 5:40కి, రిపోర్టుల ప్రింటింగ్ ఆగిపోయిందని ఉప్పల్ కేంద్రం టికెట్ వేసింది. ఒప్పందం ప్రకారం అది పీ2, అంటే రెండో ప్రాధాన్య స్థాయి సమస్య, 8 గంటల్లో పరిష్కరించాలి. వెండర్ దాన్ని జూన్ 3, బుధవారం ఉదయం 11:10కి సరిచేశాడు. నెలాఖరు నివేదికలో ఈ టికెట్‌కు పట్టిన సమయం 2 గంటల 30 నిమిషాలు అని వచ్చింది. ల్యాబ్‌లో ఐటీ చూసుకునే ఉద్యోగి లెక్క కడితే 11 గంటల 30 నిమిషాలు తేలింది.

ఇద్దరి కూడికలోనూ తప్పు లేదు. పనివేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు అన్న విషయంలోనూ తేడా లేదు. తేడా అంతా జూన్ 2 దగ్గర వచ్చింది. అది తెలంగాణ రాష్ట్ర ఆవిర్భావ దినోత్సవం. మాదాపూర్ బృందానికి సెలవు కాబట్టి ఆ రోజు గడియారం ఆగిందని వెండర్ అనుకున్నాడు. ఒప్పందంలోని నిర్వచనాల భాగం మాత్రం, సప్లయర్ రిజిస్టర్డ్ కార్యాలయం ఉన్న చోట ఆదివారం గానీ ప్రభుత్వ సెలవు గానీ కాని ప్రతి రోజూ పనిదినమే అంటోంది. కర్ణాటకలో జూన్ 2కు సెలవు లేదు. కాబట్టి ఆ రోజు తొమ్మిది గంటలూ లెక్కలోకి వస్తాయి, టికెట్ గడువు జూన్ 2 సాయంత్రం 4:40కే ముగిసింది, ఎస్‌ఎల్‌ఏ, అంటే ఒప్పందంలో మాట ఇచ్చిన సేవా స్థాయి, తప్పింది. ఇదే వాక్యం నవంబరు 1న, అది ఆదివారం కాని ఏడాదిలో, ల్యాబ్‌కు ఎదురు తిరుగుతుంది. కన్నడ రాజ్యోత్సవానికి బెంగళూరులో సెలవు, హైదరాబాద్‌లో రోగులు మామూలుగానే వస్తారు, గడియారం మాత్రం ఆగిపోతుంది.

ఈ ల్యాబ్, ఒప్పందం, ఇందులోని రూపాయలు లెక్క కళ్లకు కట్టడానికి తీసుకున్న నమూనా. కానీ ఇలాంటి తేడా పుట్టే తీరు నమూనా కాదు. ఒప్పందం నుంచి షరతులను పట్టికలోకి ఎక్కించేవారు సాధారణంగా అనుబంధంలోని ఎస్‌ఎల్‌ఏ టేబుల్ తెరిచి, ‘పీ2 – 8 గంటలు’, ‘అప్‌టైమ్ – 99.5 శాతం’, ‘క్రెడిట్ – 5 శాతం’ అని మూడు గడుల్లో దించేస్తారు. అప్‌టైమ్ అంటే సర్వర్ ఆగకుండా పనిచేసిన సమయం, క్రెడిట్ అంటే లక్ష్యం తప్పినప్పుడు వెండర్ రుసుములో తగ్గించే భాగం. అంకెలు సరిగ్గానే దిగుతాయి. ఏ గంటలు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, దేనిలో శాతం అన్నవి ఒప్పందంలోనే ఉండిపోతాయి. అవి లేని అంకెతో పర్యవేక్షణ చేయడమంటే కొలమానం లేకుండా ‘నాలుగు’ అని రాసుకోవడం లాంటిదే. నాలుగు కిలోలో, నాలుగు లీటర్లో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి ఎస్‌ఎల్‌ఏ టేబుల్‌ను చివరికి వదిలి, పని నిర్వచనాల నుంచి మొదలుపెట్టడం మేలు. ఇలాంటి ఒప్పందాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిలో పెద్ద అక్షరంతో మొదలయ్యే పదం నిర్వచించిన పదమని గుర్తు. పెద్ద అక్షరంతో ‘అవర్స్’ అని ఉంటే అవి పనిగంటలు, చిన్న అక్షరంతో ఉంటే గడియారం గంటలు అయ్యే అవకాశం ఉంది. పట్టికను తెలుగులో రాసుకునేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. రెండింటికీ ‘గంటలు’ అనే రాస్తే ఒప్పందం జాగ్రత్తగా పెట్టిన తేడా ఒక్క దెబ్బకు చెరిగిపోతుంది. నిర్వచించిన పదాన్ని పట్టికలో ఎప్పుడూ ఒకే తెలుగు మాటతో, కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కనే క్లాజు సంఖ్య రాయడం దీనికి సులువైన ఉపాయం. అసలు వాక్యాన్ని ఒప్పందంలో ఉన్నది ఉన్నట్టుగా ఒక గడిలో అతికించి ఉంచుకోవడం అంతకన్నా ముఖ్యం. రేపు వివాదం వస్తే వెండర్ ముందు పెట్టేది ఆ వాక్యాన్నే కానీ దాని తెలుగు సారాంశాన్ని కాదు.

నమూనా ఒప్పందంలో పీ1 సమస్యలకు 24 గంటలూ గడియారం నడుస్తుందన్న మాట టేబుల్‌లో లేదు. టేబుల్ కింద చిన్న అక్షరాల్లో, నక్షత్రం గుర్తుతో ఉంది. మొదటి పేజీ స్టాంపు కాగితం మీద, మిగతావి మామూలు కాగితం మీద ముద్రించి, సంతకాలు చేసి, స్కాన్ చేసిన పీడీఎఫ్ నుంచి అక్షరాలు తీసేటప్పుడు ముందుగా పోయేవి ఇలాంటి నక్షత్రాలే. ఆ తర్వాత పోయేది దశాంశ బిందువు. 99.5 కాస్తా 995 అయితే ఎవరికైనా కనిపిస్తుంది. 1.5 గంటలు 15 గంటలైతే కనిపించదు, ఎందుకంటే 15 గంటలు కూడా నమ్మదగిన గడువులాగే ఉంటుంది. పైనుంచి కిందికి కలిపేసిన గడి ఉన్న చోట ఆ విలువ మొదటి వరుసకే దక్కి, మిగతా వరుసలు ఖాళీగా మిగులుతాయి. అందుకే ఎత్తిరాసిన ప్రతి అంకెనూ సంతకం ఉన్న ప్రతితో ఇంకొకరు కంటితో సరిచూడాలి. నలభై పేజీల ఒప్పందంలో ఇలాంటి అంకెలు పాతిక, ముప్ఫైకి మించవు కనుక అది గంట పని.

ఏ కాగితం చెల్లుతుందన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. వెండర్ మొదట ఇచ్చిన ప్రతిపాదనలో 99.9 శాతం అప్‌టైమ్ అని ఉండి, సంతకమైన ఒప్పందంలో 99.5 ఉండటం అరుదేమీ కాదు. 30 రోజుల నెలలో మొదటిది 43.2 నిమిషాల అంతరాయానికి మాత్రమే చోటిస్తే, రెండోది 216 నిమిషాలకు ఇస్తుంది. ఇంతకుముందు జరిగిన మాటలు, ప్రతిపాదనలు, మెయిళ్లు అన్నింటి స్థానంలో ఈ ఒప్పందమే నిలుస్తుందని చెప్పే క్లాజు చివరి పేజీల్లో ఉంటే, ఆ 99.9 ఎంత అందంగా ముద్రించి ఉన్నా పట్టికలోకి రాకూడదు. అనుబంధానికీ ప్రధాన ఒప్పందానికీ పొసగని చోట ఏది పైచేయి అన్నది వేరే క్లాజు చెబుతుంది. సవరణ పత్రం ఉంటే అది అమల్లోకి వచ్చే తేదీతో సహా కొత్త వరుసగా చేరాలి. పాత వరుసను తీసేస్తే సవరణకు ముందు నెలల లెక్కలు తిరగబెట్టడం కుదరదు.

ఇక టికెట్ గడియారం. రెస్పాన్స్ టైమ్‌ను కొలవాలంటే రెండు సంఘటనలు తెలియాలి. ఏది జరిగితే గడియారం మొదలవుతుంది, ఏది జరిగితే ఆగుతుంది. నమూనా ఒప్పందంలో రెస్పాన్స్ అంటే టికెట్ నమోదైన తర్వాత సప్లయర్ నుంచి అందే మొదటి సమాచారం. ఈ నిర్వచనం ప్రకారం ‘మీ టికెట్ నమోదైంది’ అని టికెట్ సాఫ్ట్‌వేర్ దానంతట అదే పంపే మెయిల్ కూడా రెస్పాన్సే. అప్పుడు 30 నిమిషాల లక్ష్యం ప్రతి టికెట్‌కూ కొన్ని సెకన్లలో నెరవేరిపోతుంది, నెలనెలా నివేదికలో నూటికి నూరు శాతం కనిపిస్తుంది. పట్టికలో ‘రెస్పాన్స్ – 30 నిమిషాలు’ అని మాత్రమే రాసుకున్నవారు ఆ నూరు శాతం చూసి సంతృప్తి పడతారు. ఆపే సంఘటన గడిలో ‘ఏ సమాచారమైనా, ఆటోమేటిక్ మెయిల్‌తో సహా’ అని రాసుకున్నవారికి మాత్రం ఆ లక్ష్యం వల్ల తమకు ఒరిగేదేమీ లేదని, చూడవలసింది పరిష్కార గడువేనని అర్థమవుతుంది.

పరిష్కార గడువుకు ఇంకో చిక్కు ఉంది. కస్టమర్ నుంచి సమాచారం కోసం వేచి ఉన్నంతసేపూ గడియారం నిలిపి ఉంచవచ్చని చాలా ఒప్పందాలు చెబుతాయి. నిజంగా సమాచారం అవసరమైనప్పుడు అది న్యాయమే. కానీ సాయంత్రం 5:50కి ‘సమస్య ఇంకా ఉందా, దయచేసి తెలపండి’ అని ఒక మెయిల్ పంపి, టికెట్‌ను కస్టమర్ వైపు పెండింగ్‌లోకి నెట్టే అలవాటు కూడా సపోర్ట్ బృందాల్లో లేకపోలేదు. మర్నాడు ఉదయం ల్యాబ్‌లో ఎవరో మెయిల్ చూసి బదులిచ్చేదాకా గడియారం నడవదు. దీన్ని పసిగట్టాలంటే టికెట్ చరిత్రను ఎగుమతి చేసి, పెండింగ్‌లోకి వెళ్లిన వేళలను వరుసగా చూడాలి. అవి పనివేళలు ముగిసే ముందు గుంపుగా కనిపిస్తే విషయం తెలిసిపోతుంది. ఒప్పందం ఎన్నిసార్లు నిలపవచ్చో, ఏ కారణానికి నిలపవచ్చో చెప్పిందా అన్నదానికి పట్టికలో ఒక గడి ఉండాలి. ఏమీ చెప్పకపోతే ‘పరిమితి లేదు’ అని రాయాలి. ఖాళీ గడిని చూసినవారు ఆ క్లాజును చదవలేదేమో అనుకునే ప్రమాదం ఉంది.

పనిగంటల కూడికను చేత్తో చేయనక్కరలేదు. టికెట్ మొదలైన వేళ ఒక గడిలో, ముగిసిన వేళ ఇంకో గడిలో, ఒప్పందం ప్రకారం వర్తించే సెలవుల తేదీలు `Holidays` అని పేరు పెట్టిన జాబితాలో ఉంటే ఎక్సెల్‌లో ఈ సూత్రం సరిపోతుంది.

```
=(NETWORKDAYS.INTL(A2,B2,"0000001",Holidays)-1)*("18:00"-"9:00")+MOD(B2,1)-MOD(A2,1)
```

`"0000001"` అన్నది సోమవారంతో మొదలయ్యే వారం, చివరి 1 ఆదివారం సెలవని గుర్తు. ఫలితం ఉన్న గడికి `[h]:mm` అన్న రూపం ఇవ్వాలి, లేకపోతే 24 గంటలు దాటిన విలువలు మళ్లీ సున్నా నుంచి మొదలైనట్టు కనిపిస్తాయి. ఉప్పల్ టికెట్‌ను ఇందులో పెడితే, సెలవుల జాబితాలో జూన్ 2 లేనప్పుడు 11:30, ఉన్నప్పుడు 2:30 వస్తాయి. అంటే వెండర్, ల్యాబ్ చెప్పిన రెండు జవాబులూ ఒకే సూత్రం నుంచి, ఒక్క తేదీ తేడాతో పుట్టాయి. ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. మొదలు, ముగింపు రెండూ పనిదినాన, పనివేళల్లోనే ఉండాలి. రాత్రి 9కి వేసిన టికెట్‌ను ముందు తర్వాతి పనిదినం ఉదయం 9కి జరిపి, ఆ తర్వాతే లెక్క కట్టాలి. సెలవుల జాబితా ఎవరిదన్నది ప్రతి జనవరిలో ఇరువైపులా మెయిల్ ద్వారా ఖరారు చేసుకుంటే జూన్‌లో గొడవ ఉండదు.

ఆ టికెట్ ఒక్కటే తప్పితే క్రెడిట్ వస్తుందా అంటే, అది శాతం మీద ఆధారపడి ఉంది. ఆ నెల పీ2 టికెట్లలో 95 శాతం గడువులోపు పరిష్కారం కావాలని నమూనా ఒప్పందం. జూన్‌లో వచ్చిన పీ2 టికెట్లు 7, తప్పినది 1, అంటే 85.7 శాతం. నెలకు 20 కన్నా తక్కువ టికెట్లు వచ్చే సంస్థకు 95 శాతమన్నా 100 శాతమన్నా ఒకటే, ఒక్కటి తప్పినా లక్ష్యం తప్పినట్టే. ఈ సంగతి వెండర్లకు బాగా తెలుసు కాబట్టి, టికెట్ల సంఖ్య ఇంతకన్నా తక్కువైతే ఒకటి తప్పినా పట్టించుకోరాదని ఒక వాక్యం అనుబంధం అడుగున చేర్చే వీలుంది. ఈ నమూనాలో అది లేదు. లేదన్న సంగతిని కూడా వెతికి తేల్చుకోవాలి.

అప్‌టైమ్ దగ్గర వ్యవహారం ఇంకా జటిలం. జూన్ 18, గురువారం తెల్లవారుజామున 2:10కి సర్వర్ ఆగిపోయింది. ఆ వేళ ల్యాబ్‌లో ఎవరూ లేరు. పరగడుపున రక్తం ఇచ్చేవారు ఉదయం ఆరు నుంచే వస్తారు కాబట్టి, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి 6:00కు లాగిన్ కాబోయి, కాక, టికెట్ వేసింది. 9:35కు సర్వర్ తిరిగి వచ్చింది. సర్వర్ ఆగిన క్షణం నుంచి లెక్కిస్తే అంతరాయం 445 నిమిషాలు, టికెట్ నుంచి లెక్కిస్తే 215 నిమిషాలు. నమూనా ఒప్పందంలో డౌన్‌టైమ్ కస్టమర్ ఫిర్యాదు చేసినప్పటి నుంచి మొదలవుతుంది. వెండర్ సొంత మానిటరింగ్ టూల్ 2:12కే ఎర్ర గుర్తు చూపించినా అది లెక్కలోకి రాదు. ఇలాంటి నిర్వచనం ఉన్నప్పుడు ల్యాబ్ చేయగలిగిందల్లా తన వైపు నుంచి ప్రతి కొన్ని నిమిషాలకూ లాగిన్ పేజీని పలకరించి, జవాబు రాకపోతే దానంతట అదే టికెట్ వేసే ఏర్పాటు పెట్టుకోవడం. ఒక్క నిర్వచనాన్ని సరిగా పట్టికకెక్కిస్తే ఇంత పని బయటపడుతుంది.

ఇప్పుడు 215 నిమిషాలనే తీసుకుందాం. జూన్‌లో మొత్తం 43,200 నిమిషాలు. నాలుగు ఆదివారాలు తెల్లవారుజామున 2 నుంచి 4 దాకా ముందే చెప్పిన మెయింటెనెన్స్ జరిగింది, అది 480 నిమిషాలు. ‘ప్లాన్డ్ మెయింటెనెన్స్‌ను మినహాయించి’ నెలవారీ అప్‌టైమ్ 99.5 శాతం ఉండాలని క్లాజు అంటోంది. ఎక్కడి నుంచి మినహాయించాలి? అంతరాయం నుంచి మాత్రమేనా, మొత్తం సమయం నుంచి కూడానా? రెండు రకాలుగానూ చదవవచ్చు.

```
(43200 - 215) / 43200 × 100 = 99.502
(42720 - 215) / 42720 × 100 = 99.497
```

మొదటి లెక్కలో లక్ష్యం నెరవేరింది, రెండో లెక్కలో తప్పింది. మినహాయింపు అనగానే అది వెండర్‌కు మేలు చేసేదని అనుకుంటాం కానీ, హారం తగ్గితే అదే నిమిషాల అంతరాయం పెద్ద శాతంగా తేలుతుంది. దీని మీద ఇంకో మెలిక కూడా ఉంది. శాతాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరించాలని ఎక్కడైనా రాసి ఉంటే 99.497 కూడా 99.50 అయిపోతుంది, తప్పిన లక్ష్యం కూడా నెరవేరినట్టే. నమూనా ఒప్పందంలో సవరింపు మాట లేదు. హారం గురించి మాత్రం, పట్టిక తయారు చేసేవారు తమకు నచ్చిన అర్థం ఎంచుకుని గడి నింపేయకూడదు. రెండు అర్థాలూ, రెండింటి ఫలితాలూ రాసి, సందేహం గడిలో క్లాజు సంఖ్యతో నమోదు చేసి, వెండర్ నుంచి రాతపూర్వక వివరణ తెప్పించుకోవాలి. అది కూడా గొడవేమీ లేని నెలలో అడగాలి. క్రెడిట్ లెక్క నడుస్తున్నప్పుడు అడిగితే వచ్చే జవాబు ఏమిటో ముందే ఊహించవచ్చు. ఇక్కడి వెండర్ ఒప్పందం మొదట్లోనే రెండో అర్థాన్ని మెయిల్‌లో అంగీకరించాడనుకుని ముందుకు వెళదాం.

నెల ఎప్పుడు మొదలవుతుందన్న ప్రశ్న వింతగా అనిపిస్తుంది కానీ, మానిటరింగ్ టూల్ యూటీసీ సమయంలో నడుస్తుంటే అది నిజమైన ప్రశ్నే. మన సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. జూలై 1 తెల్లవారుజామున 3 గంటలకు సర్వర్ ఆగితే టూల్ దాన్ని జూన్ 30 రాత్రి 9:30కి జరిగినట్టు జూన్ ఖాతాలో వేస్తుంది. సైబర్ భద్రత కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల వల్ల సర్వర్ల గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలపడం తప్పనిసరైంది. గడియారాలు ఒక్కటిగా నడిచినా నివేదిక ఏ టైమ్‌జోన్‌లో తీశారన్నది వేరే సంగతి. పట్టికలో అప్‌టైమ్ వరుసకు టైమ్‌జోన్ గడి ఒకటి ఉంటే చాలు.

డౌన్‌టైమ్ అంటే ఏమిటన్న నిర్వచనాన్ని కూడా ఒకసారి చూడాలి. యూజర్లందరూ లాగిన్ కాలేని స్థితే డౌన్‌టైమ్ అని ఉంటే, దిల్‌సుఖ్‌నగర్ కేంద్రం ఒక్కటే రోజంతా ఆగినా అప్‌టైమ్ 100 శాతమే. సాఫ్ట్‌వేర్ నత్తనడక నడిచినా అంతే. అలాంటివి టికెట్ గడువుల కిందికి వస్తాయి కానీ అప్‌టైమ్ కిందికి రావు. ఏ సమస్య ఏ వరుసలో కొలుస్తామో ముందే రాసుకోకపోతే నెలాఖరున ఆశించిన దానికీ వచ్చిన దానికీ పొంతన ఉండదు.

ఇంతవరకు చూసినదాన్ని బట్టి అప్‌టైమ్‌కు సంబంధించిన ఒక్క వరుస పట్టికలో ఇలా నిలువుగా కనిపిస్తుంది.

| గడి | నమోదు |
|---|---|
| క్లాజు | అనుబంధం 2, 4.1, నిర్వచనాలు 1.9, 1.14 |
| లక్ష్యం | నెలకు 99.5 శాతం, సవరింపు లేదు |
| మొదలు | కస్టమర్ టికెట్ నమోదైన క్షణం |
| ముగింపు | లాగిన్ తిరిగి పనిచేసిన క్షణం |
| హారం | నెల నిమిషాలు − ప్లాన్డ్ మెయింటెనెన్స్ (వెండర్ మెయిల్ ప్రకారం) |
| మినహాయింపు షరతు | 48 గంటల ముందు నోటీసు ఇచ్చిన మెయింటెనెన్స్ మాత్రమే |
| టైమ్‌జోన్ | భారత ప్రామాణిక సమయం |
| క్రెడిట్ | 99.5 కన్నా తక్కువ: 5 శాతం, 99.0 కన్నా తక్కువ: 10 శాతం, 98.0 కన్నా తక్కువ: 15 శాతం |
| దేనిలో శాతం | ‘సర్వీస్ రుసుము’, క్లాజు 1.14 |
| క్లెయిమ్ గడువు | నెలవారీ నివేదిక అందిన 15 రోజుల్లో, రాతపూర్వకంగా |

మినహాయింపు షరతు గడి చిన్నదే కానీ బరువైనది. 48 గంటల ముందు నోటీసు రాని ఆదివారం మెయింటెనెన్స్ ప్లాన్డ్ కాదు, ఆ 120 నిమిషాలు నేరుగా డౌన్‌టైమ్‌లో చేరాలి. నోటీసు మెయిళ్లను దాచుకోని సంస్థ ఈ వాదన చేయలేదు.

సర్వీస్ క్రెడిట్‌కు వచ్చేసరికి ప్రశ్న మళ్లీ అదే, దేనిలో శాతం? ల్యాబ్ నెలకు వెండర్‌కు కట్టే మొత్తం రూ.4,00,000. అందులో ల్యాబ్ సాఫ్ట్‌వేర్ హోస్టింగ్, సపోర్ట్ వాటా రూ.1,20,000, మిగతాది కేంద్రాల కంప్యూటర్లు, నెట్‌వర్క్ నిర్వహణకు. ‘సర్వీస్ రుసుము’ అంటే దెబ్బతిన్న సేవకు ఆ నెల చెల్లించవలసిన రుసుము అని 1.14 చెబుతోంది కాబట్టి 5 శాతమంటే రూ.6,000, మొత్తంలో లెక్కిస్తే వచ్చే రూ.20,000 కాదు. పీ2 లక్ష్యం తప్పినందుకు అదే రుసుములో 2 శాతం, రూ.2,400. రెండూ కలిపి రూ.8,400. నెలకు 15 శాతం, అంటే రూ.18,000 పరిమితి ఉంది, అంతదాకా వెళ్లలేదు. పన్నుకు ముందు రుసుము మీదనే శాతమని రాసి ఉంది కాబట్టి జీఎస్టీ సంగతి వేరుగా చూడాలి.

ఈ ల్యాబ్ విషయంలో అది చిల్లర వ్యవహారం కాదు. రోగ నిర్ధారణ పరీక్షలు జీఎస్టీ మినహాయింపు ఉన్న ఆరోగ్య సేవలు. కాబట్టి వెండర్ బిల్లు మీద ల్యాబ్ కట్టే 18 శాతం జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ దొరకదు, అది పూర్తిగా ఖర్చే. రూ.8,400 తగ్గింపును వెండర్ వచ్చే నెల బిల్లు అడుగున, పన్ను వేసిన తర్వాత తీసేస్తే ల్యాబ్‌కు దక్కేది రూ.8,400 మాత్రమే. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 34 కింద క్రెడిట్ నోట్ ఇస్తే రూ.1,512 పన్ను కూడా తగ్గి, మొత్తం రూ.9,912 అవుతుంది. సేవలో లోపం ఉన్నప్పుడు క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చని ఆ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. దాన్ని వెండర్ తన రిటర్నులో చూపడానికి గడువు, ఆ సరఫరా జరిగిన ఆర్థిక సంవత్సరం ముగిసిన తర్వాత వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసిన తేదీ, వీటిలో ఏది ముందైతే అది. పట్టికలో ‘క్రెడిట్ ఇచ్చే విధానం’ అని ఒక గడి పెట్టి, క్రెడిట్ నోటా, బిల్లులో తగ్గింపా అన్నది రాసుకుంటే అకౌంట్స్ విభాగం దాన్ని వెంటాడగలదు.

సర్వీస్ క్రెడిట్ తప్ప వేరే పరిహారం అడగరాదనే క్లాజు ఉందా లేదా అన్నది కూడా ఒక గడికి తగ్గ విషయమే. ముందే రాసుకున్న నష్టపరిహారాన్ని భారత ఒప్పందాల చట్టం, 1872 సెక్షన్ 74 ఒక గరిష్ఠ పరిమితిగా చూస్తుంది, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. అందుకే చాలామంది వెండర్లు క్రెడిట్‌ను జరిమానాగా కాక రుసుము సర్దుబాటుగా రాయించుకుంటారు. ఆ తేడా ఎటు దారితీస్తుందో చెప్పవలసింది న్యాయవాది. పట్టిక పని అసలు వాక్యాన్ని ఆయన కళ్ల ముందు ఉంచడం వరకే.

క్రెడిట్లు చేజారడానికి కారణం చాలాసార్లు లెక్క తప్పడం కాదు, క్లెయిమ్ గడువు దాటడం. అంకెలన్నీ తేలాక, అడగవలసిన తేదీ నాలుగు రోజుల కిందటే పోయిందని తెలుస్తుంది. అందుకే గడువు గడిలో ‘15 రోజులు’ అన్న వ్యవధితో పాటు, ప్రతి నెలా నివేదిక అందిన తేదీ వేయగానే చివరి తేదీ దానంతట అదే తేలేలా ఉండాలి. జూన్ నివేదిక జూలై 7న అందితే చివరి తేదీ జూలై 22. నివేదిక అసలు రాకపోతే గడువు మొదలే కాదని ల్యాబ్ వాదించవచ్చు, కానీ నమూనా ఒప్పందం దాని గురించి మౌనంగా ఉంది. కాబట్టి జూలై 10 దాకా నివేదిక రాకపోతే సొంత లెక్కలతోనే క్లెయిమ్ పంపాలని ల్యాబ్ తన పట్టికలో రాసుకుంది. ఉప్పల్ టికెట్ సంఖ్య, జూన్ 18 టికెట్ సంఖ్య, రెండు లెక్కలు, 1.9, 1.14, 4.1 క్లాజుల అసలు వాక్యాలతో ఆ మెయిల్ ఒక పేజీకి మించలేదు.